భోపాల్ వ్యాసంలో అంకె ఒక్కటి మారిస్తే సరిపోదు

2025 డిసెంబరులో, భోపాల్ దుర్ఘటనకి 41 ఏళ్ళు నిండిన సందర్భంగా వచ్చిన ఒక వ్యాసం చదివాను. రాసినవాళ్ళు బాగానే రాశారు. భాష బాగుంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు, చివర్లో గొంతు పట్టేసే వాక్యం కూడా ఒకటుంది. మధ్యలో మాత్రం, ఆ కర్మాగారంలో 337 టన్నుల విష వ్యర్థాలు ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయని రాశారు. అవి అంతకు ముందు జనవరిలోనే, అంటే 2025 సంవత్సరం మొదలైన రోజు రాత్రే, 12 కంటైనర్లలో భోపాల్ దాటి వెళ్ళిపోయాయి. ధార్ జిల్లా పీథంపూర్‌లో వాటిని కాల్చడం కూడా జూన్ నెలాఖరుకి అయిపోయింది. అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చిన వార్తే అది. పీథంపూర్ జనం రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పు పెట్టుకోబోయారు. ఇంత జరిగినా వ్యాసంలో వ్యర్థాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఆ రచయితని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వాక్యం అతను రాసి ఉండడు. వారసత్వంగా వచ్చిన వాక్యం అది. ఏటా డిసెంబరు రాగానే పాత ఫైలు తీయడం, అందులో అంకె మార్చడం, మొదటి పేరా కొంచెం అటూఇటూ చేయడం, పేజీకి పంపేయడం. వార్షికోత్సవ వ్యాసాలు ఎక్కువగా ఇలాగే తయారవుతాయి. వీటిని తిరగరాసేటప్పుడు అందరూ అడిగేది 'కొత్త కోణం ఏంటి' అని. నన్నడిగితే ఆ ప్రశ్న మొదట అడగాల్సింది కాదు. పాత వ్యాసంలో ఒక్కో వాక్యాన్ని పట్టుకుని 'ఇది ఎప్పటి మాట, ఈ రోజుకీ నిజమేనా' అని చూసుకుంటూ వెళితే కోణం దానంతట అదే బయటపడుతుంది. ముందే కోణం ఎంచుకుని దాని చుట్టూ పాత వాక్యాలు పేరిస్తే వచ్చేది కొత్త హెడ్డింగు పెట్టిన పాత వ్యాసమే.

29 తీసేసి 30 పెట్టు

నేను డెస్కులో పనిచేసిన రోజుల్లో 30 ఏళ్ళ సందర్భం వచ్చింది. డెస్క్ ఇన్‌ఛార్జి నిరుటి కాపీ నా ముందు పెట్టి, 'ఏముందమ్మా మార్చడానికి, జరిగింది జరిగిపోయింది కదా, 29 తీసేసి 30 పెట్టు, ఇంట్రో ఒక్కటి కొత్తగా రాయి' అన్నారు. ఆయన మంచి ఎడిటరే. ఆ రోజు మీద పడ్డ పేజీలు కూడా తక్కువేం కాదు. ఆ కాపీలో ఒకచోట 'ప్రధాన నిందితుడు వారెన్ ఆండర్సన్ నేటికీ అమెరికాలో దర్జాగా బతుకుతున్నాడు' అని ఉంది. లైబ్రరీలో క్లిప్పింగులు చూసే పెద్దాయన అటుగా వచ్చి, నా స్క్రీన్ మీదికి వంగి చదివి, 'ఆయన పోయాడు కదమ్మా, మొన్న అక్టోబరు చివర్లో వార్త వచ్చింది' అన్నాడు.

నిజమే. ఆండర్సన్ 2014 సెప్టెంబరు 29న ఫ్లోరిడాలో చనిపోయాడు. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది నెల తర్వాత. అంతకు ముందు డిసెంబరులో పక్కాగా నిజమైన వాక్యం ఈ డిసెంబరుకి అబద్ధమై కూర్చుంది. దాన్ని ఎవరూ చెడగొట్టలేదు, అది ఉన్నచోటే ఉండి పాతబడింది. పైగా ఆ చావు గురించి రాయాల్సిందేదైనా ఉంటే ఆ ఏడాదే రాయాలి. 1984 డిసెంబరు 7న అరెస్టయి, ఆ రోజే బెయిలు మీద బయటపడి దేశం దాటిన మనిషి, 1992లో భోపాల్ కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించిన మనిషి, ఒక్కసారి కూడా విచారణకి నిలబడకుండానే పోయాడు. కేసులో ఒక తలుపు మూసుకుపోయిన సంవత్సరం అది. పాత కాపీని కాపాడుకుంటూ పోతే ఆ సంగతి మన కంటపడేదే కాదు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. పాత కాపీ ఏది తెరిచినా ముందు కంట్రోల్ ఎఫ్ కొట్టి 'నేటికీ', 'ఇప్పటికీ', 'ఇంకా', 'ఇటీవల', 'తాజాగా', 'పెండింగ్‌లో' అన్న మాటల కోసం వెతుకుతాను. వ్యాసంలో ముందుగా మురిగేవి ఇవే. ఆ తర్వాత మనుషుల పేర్లు, 'అంటారు', 'అంటున్నారు' లాంటి వర్తమాన క్రియలు. భోపాల్ వ్యాసాల్లో అబ్దుల్ జబ్బార్ మాటలు తరచూ కనిపిస్తాయి. బాధిత మహిళలని కూడగట్టి దశాబ్దాలపాటు పోరాడినాయన. 2019 నవంబరు 14న చనిపోయారు. ఆయన ఎప్పుడో అన్న మాటని 'అంటున్నారు' అని వేసిన వ్యాసాలు ఆ తర్వాత కూడా చూశాను. 1982లోనే ఈ ఫ్యాక్టరీతో ఊరికి ముప్పుందని వరసగా రాసిన స్థానిక జర్నలిస్టు రాజ్‌కుమార్ కేస్వానీ 2021 మేలో పోయారు. ఆయన్ని కూడా ఇప్పుడు 'చెబుతున్నారు' అనకూడదు. వయసులదీ ఇదే గొడవ. ఆ రాత్రి తల్లి కడుపులో ఉన్న బిడ్డలకి ఇప్పుడు నలభై దాటాయి. మన వ్యాసాల్లో మాత్రం వాళ్ళింకా 'పసిపిల్లలే'.

ఒక పేరా తీసుకుని చూద్దాం

ఇప్పటిదాకా పైపైన చెప్పాను. ఒక పేరా ముందు పెట్టుకుని విడదీసి చూద్దాం. ఇది ఫలానా చోట అచ్చయిందని చెప్పను గానీ, భోపాల్ మీద రెండు మూడు వార్షికోత్సవ వ్యాసాలు చదివిన ఎవరికైనా తెలిసిన ముఖంలాగే ఉంటుంది:

'1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి 40 టన్నుల విషవాయువు లీకై, 15 వేల మందికి పైగా ఒక్క రాత్రిలో ప్రాణాలు కోల్పోయారు. నాటి విషం తాలూకు 337 టన్నుల వ్యర్థాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బాధితులు నేటికీ న్యాయం కోసం ఎదురుచూస్తున్నారు.'

మూడే వాక్యాలు. చదువుతుంటే ఎక్కడా తట్టుకోదు. మొదటి వాక్యంలో తేదీ దగ్గరే ఒక చిన్న ముడి ఉంది. ట్యాంకులోకి నీళ్ళు చేరింది 2వ తేదీ రాత్రి. వాయువు పెద్దెత్తున బయటపడి ఊరి మీద పడింది అర్ధరాత్రి దాటాక, అంటే 3 తెల్లవారుజామున. అందుకే అందరూ 2-3 రాత్రి అని రాస్తారు, మనమూ అలా రాస్తే సరిపోతుంది. 40 టన్నుల సంగతి ఇంకొంచెం మెలిక. ఇ610 అనే ట్యాంకులో 40 టన్నుల పైచిలుకు మిథైల్ ఐసోసైనేట్ నిల్వ ఉంది. నిల్వ ఉన్నది ఒకటి, బయటపడ్డది ఒకటి. లోపల నీటితో చర్య జరిగాక వచ్చిన మేఘంలో మిథైల్ ఐసోసైనేట్ ఒక్కటే లేదు, ఆ చర్యలో పుట్టిన వేరే పదార్థాలూ ఉన్నాయి. ఎంత బయటికొచ్చింది అన్నది అంచనానే, ఒక్కో నివేదిక ఒక్కోలా వేసింది. 'ట్యాంకులో 40 టన్నులకు పైగా ఉంది' అంటే ఎవరూ కాదనలేని మాట. '40 టన్నులు లీకైంది' అంటే కాదనడానికి వీలున్న మాట. రాసేవాడికి రెండింటి మధ్యా ఉన్న శ్రమ ఒక్క నిమిషమే.

ఇక చావుల లెక్క. ఇక్కడ తొందరపడితే లాభం లేదు.

తొలిరోజుల్లో ప్రభుత్వం చెప్పిన సంఖ్య 2,259. తర్వాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం గ్యాస్ వల్ల చనిపోయినవాళ్ళుగా ధ్రువీకరించింది 3,787. కేంద్రం అదనపు పరిహారం కోసం 2010లో సుప్రీంకోర్టులో వేసిన క్యూరేటివ్ పిటిషన్‌లో 5,295 అంది. 2003 నాటికి మరణానికి సంబంధించిన పరిహారం మంజూరైన కేసులు 15 వేలు దాటాయని రాష్ట్ర గ్యాస్ రాహత్ విభాగం లెక్క. మొదటి మూడు రోజుల్లోనే 7 నుంచి 10 వేల మంది పోయారని ఆమ్నెస్టీ 2004లో అంచనా వేసింది. తర్వాతి ఏళ్ళలో రోగాలతో పోయినవాళ్ళని కలిపి బాధితుల సంఘాలు చెప్పేది 20 వేలకు పైనే.

వీటిని చూసి 'ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు' అనుకుంటే పొరపాటు. ఒక్కో సంఖ్య ఒక్కో ప్రశ్నకి జవాబు. 2,259 అంటే మొదటి రోజుల్లో లెక్కకి అందిన శవాలు. 15 వేలంటే పరిహారం కోసం దరఖాస్తు పెట్టి, కాగితాలు చూపించి, మరణం కింద మంజూరు చేయించుకున్న కుటుంబాలు. అందులో ఆ రాత్రి పోయినవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తరబడి ఊపిరాడక మంచం పట్టి పోయినవాళ్ళూ ఉన్నారు. మన పాత పేరా చేసిన పని ఏమిటంటే, ఏళ్ళ తరబడి పోగైన సంఖ్యని తీసుకొచ్చి 'ఒక్క రాత్రిలో' అన్న మాటకి ముడిపెట్టింది. సంఖ్య తప్పు కాదు, 'ఒక్క రాత్రి' కూడా తప్పు కాదు, రెండూ కలిస్తే అబద్ధం. ఇలాంటివి ప్రూఫ్ చూసేవాడికి దొరకవు, ఎందుకంటే విడివిడిగా వెతికితే రెంటికీ ఆధారం కనిపిస్తుంది.

ఈ సంఖ్య గొడవ ఉత్త పండితుల తగవు కూడా కాదు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకి రాజీ కుదిరినప్పుడు, ఆ మొత్తం ఎందుకు సబబో వివరిస్తూ సుప్రీంకోర్టు మరణాలు సుమారు 3 వేలని లెక్కేసుకుంది. తర్వాత మంజూరైన మరణాలు దానికి ఎన్నో రెట్లు. అంటే 'ఎంతమంది' అన్న ప్రశ్నే 'ఎంత పరిహారం' అన్న ప్రశ్న. ఒక వ్యాసంలో ఈ ఒక్క సంగతి విడమరిచి చెబితే చాలు, పెద్ద పెద్ద విశేషణాలు అక్కర్లేదు.

ఇక్కడ నన్ను పీకే అనుమానం ఒకటుంది. 'ఒక్క రాత్రిలో 15 వేలు' అన్నదాన్ని సరిచేయబోయి '3,787' అని రాస్తే? అది కంపెనీకీ, చేతులు దులుపుకోవాలనుకునే ప్రభుత్వానికీ బాగా నచ్చే సరిదిద్దుడు. బాధితుల సంఘాల్లో పనిచేసిన ఒక స్నేహితురాలు నాతో సూటిగానే అంది, 'మీరు కచ్చితత్వం పేరుతో తగ్గిస్తూ పోతే మేం మళ్ళీ మొదటికి రావాలి' అని. ఆమె భయం నాకర్థమైంది. అందుకే ఒకే సంఖ్య ఎంచుకోవడం మానేశాను. తక్కువదీ కాదు, ఎక్కువదీ కాదు, కనీసం రెండు సంఖ్యలు పక్కపక్కన, ఎవరు, ఎప్పటిదాకా, ఏం లెక్కపెట్టారో చెప్పి పెడతాను. వాక్యం పొడుగవుతుంది. హెడ్డింగులో పట్టదు. హెడ్డింగులో సంఖ్య లేకపోతే కొంపలేం మునగవు.

337 ఎక్కడిది

రెండో వాక్యానికి వద్దాం. ఇందులో పైకి కనిపించే తప్పు 'ఇప్పటికీ అక్కడే'. అది 2025లో పాతబడింది. దానికంటే పెద్ద తప్పు ఆ ముందున్న రెండు మాటల్లో ఉంది: 'నాటి విషం తాలూకు'.

ఆ వ్యర్థాలు ఆ రాత్రి గ్యాస్ తాలూకు మిగులు కాదు. మిథైల్ ఐసోసైనేట్ నీటితో చప్పున చర్య జరిపే పదార్థం, నలభై ఏళ్ళు షెడ్డులో సంచుల్లో మూలగదు. ఆ సంచుల్లో ఉన్నది పురుగుమందులు తయారు చేసేటప్పుడు మిగిలిన సరుకు: సగం తయారైన సెవిన్ అనే పురుగుమందు, నాఫ్తాల్ అవశేషాలు, రియాక్టర్ల అడుగున పేరుకున్న మడ్డి, వాటితో కలిసిన మట్టి. అంటే ఫ్యాక్టరీ మామూలుగా నడిచిన రోజుల్లో, ఏ ప్రమాదమూ జరగని రోజుల్లో పోగైన చెత్త. 1984 డిసెంబరులో ఆ ట్యాంకు లీకవకుండా ఉన్నా ఈ చెత్త ఉండేదే.

337 అన్న అంకెకి కూడా ఒక తేదీ ఉంది. 2005 ప్రాంతంలో ఆవరణలో చెల్లాచెదురుగా పడున్నదాన్ని ఏరి షెడ్డులో పెట్టినప్పుడు అది 350 టన్నులకి దగ్గరగా ఉంది. 2015లో పీథంపూర్‌లో ప్రయోగాత్మకంగా 10 టన్నులు కాల్చి చూశారు. అది పోగా మిగిలింది 337. కాబట్టి 2012 నాటి సంగతి చెబుతూ 337 అని రాస్తే అదీ తేడానే. జర్మనీకి పంపి అక్కడ కాల్పిద్దామని మాటలు నడిచి ఆగిపోయింది ఆ ఏడాదే.

తర్వాత కథ: 2024 డిసెంబరు 3న, అంటే సరిగ్గా 40 ఏళ్ళ రోజున, మధ్యప్రదేశ్ హైకోర్టు నాలుగు వారాల్లో ఆ వ్యర్థాలు అక్కడి నుంచి తీయాల్సిందేనని ఆదేశించింది. జనవరి 1 రాత్రి కంటైనర్లు బయల్దేరాయి. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా మూడు విడతల్లో, విడతకి 10 టన్నుల చొప్పున కాల్చి చూశారు. మిగతాది మే నుంచి జూన్ ఆఖరు దాకా కాల్చారు. కాల్చగా మిగిలిన బూడిద, మడ్డి ఎంతో తెలుసా? 800 టన్నుల పైమాటే. కాలిస్తే తగ్గాలి కదా అని ఎవరైనా అడుగుతారు. కాల్చేటప్పుడు విషవాయువులు పట్టడానికి సున్నం లాంటివి కలుపుతారు, అవన్నీ కలిసి తూకం పెరుగుతుంది. దాన్ని ఎక్కడ, ఎలా పూడ్చాలన్న దాని మీద మళ్ళీ కోర్టులో వాదనలు.

ఇప్పుడు వ్యాసం రాసేవాడి ముందు రెండో ఉచ్చు ఉంది. 'వ్యర్థాలు ఇంకా అక్కడే' అన్న పాత వాక్యాన్ని కొట్టేసి, 'ఎట్టకేలకు భోపాల్‌కి విముక్తి' అని రాసేస్తే? అప్‌డేట్ చేశామన్న తృప్తి ఉంటుంది గానీ ఇది ముందుదానికంటే పెద్ద తప్పు. షెడ్డులో సంచులకెత్తింది పైపైన కనిపించిన చెత్త. నేలలోకి ఇంకిపోయింది వేరే. నీరి, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు 2010లో ఇచ్చిన అధ్యయనం కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులని అంచనా వేసింది. 337 ఎక్కడ, 11 లక్షలు ఎక్కడ! ఫ్యాక్టరీ బయట 1970ల్లో కట్టిన ఆవిరి చెరువులున్నాయి. వ్యర్థ జలాలు వదిలితే ఎండకి ఆవిరైపోతాయని కట్టినవి. వాటి కింది నుంచి, ఆవరణలో పూడ్చిన గుంతల నుంచి విషం భూగర్భ జలంలోకి దిగింది. చుట్టుపక్కల బస్తీలు ఏళ్ళ తరబడి ఆ బోరు నీళ్ళే తాగాయి. చివరికి సుప్రీంకోర్టు చెబితేగానీ వాళ్ళకి పైపుల నీళ్ళు రాలేదు.

భోపాల్‌లో పనిచేసేవాళ్ళు వీళ్ళని రెండుగా చెబుతారు: గ్యాస్ పీడితులు, నీటి పీడితులు. రెండోవాళ్ళలో 1984 తర్వాత పుట్టినవాళ్ళూ, ఆ తర్వాత ఎక్కడి నుంచో వచ్చి ఆ బస్తీల్లో చౌకగా ఇల్లు దొరికిందని చేరినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఆ రాత్రితో సంబంధమే లేదు. గ్యాస్ పరిహారం లెక్కల్లోకీ రారు.

కొత్త కోణం నాకు దొరికింది ఇక్కడే. నేను వెతుక్కున్నది కాదు, 337 ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోబోతే తగిలింది. వార్షికోత్సవం అనే పద్ధతే ఒక తేదీని పట్టుకుని వేలాడుతుంది. తేదీ ఉన్న ప్రమాదాన్ని ఏటా తలుచుకుంటాం, తేదీ లేని ప్రమాదాన్ని మరిచిపోతాం. నేలలోకి విషం దిగడం ఫలానా రోజు మొదలైందని ఎవరూ చెప్పలేరు, కాబట్టి దానికి వర్ధంతి లేదు, ప్రత్యేక పేజీ లేదు. డిసెంబరు వ్యాసంలో దానికి దక్కేది చివర్లో ఒక్క వాక్యం, అది కూడా 'నాటి విషం తాలూకు' అంటూ ఆ రాత్రికే కలిపేసిన వాక్యం.

ఎదురుచూపు సంగతి

మూడో వాక్యం, 'నేటికీ న్యాయం కోసం ఎదురుచూస్తున్నారు'. ఇది తప్పని ఎవరూ అనలేరు. అందుకే దీంతో పెద్ద చిక్కు. ఏ ఏడాదైనా సరిపోయే వాక్యం ఏ ఏడాది గురించీ ఏమీ చెప్పదు. దేనికోసం, ఏ కోర్టులో, ఎవరి మీద? అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2023 మార్చి 14న కొట్టేసింది. క్యూరేటివ్ అంటే ఆ కోర్టులో ఆఖరి మెట్టు. రిజర్వు బ్యాంకు దగ్గర మిగిలున్న 50 కోట్లతో పెండింగ్ క్లెయిములు తీర్చమంది. కాబట్టి 'అదనపు పరిహారం పిటిషన్ పెండింగ్‌లో ఉంది' అన్న వాక్యం ఏ వ్యాసంలో కనిపించినా అది 2023కి ముందుది. ఇటు క్రిమినల్ కేసులో 2010 జూన్ 7న కంపెనీ భారతీయ అధికారులని దోషులుగా తేల్చి రెండేళ్ళ శిక్ష వేశారు, వెంటనే బెయిలు ఇచ్చారు. ఆ దోషుల్లో కార్బైడ్ ఇండియా అప్పటి ఛైర్మన్ కేశూబ్ మహీంద్రా 2023 ఏప్రిల్‌లో చనిపోయారు. ఈ రెండు సంగతులూ రాస్తే 'ఎదురుచూపు' అనే మాట వాడకుండానే పాఠకుడికి అర్థమవుతుంది.

ఏటా చదివేవాళ్ళ సంగతేంటి

నా వాదన విన్న ఒక పాత సహోద్యోగి గట్టిగానే అడ్డుపడ్డాడు. 'వార్షికోత్సవ వ్యాసం వార్త కాదు, తద్దినం. తద్దినంలో మంత్రాలు ఏటా మారుస్తామా?' అన్నాడు. నవ్వొచ్చింది గానీ తీసిపారేసే మాట కాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి భోపాల్ అంటే ఏమీ తెలీదు. వాడికి మొదటిసారి చెబుతున్నప్పుడు నేను తిన్నగా ఆవిరి చెరువుల దగ్గరికీ క్యూరేటివ్ పిటిషన్ దగ్గరికీ వెళ్ళిపోతే అసలు ఏం జరిగిందో ఎవరు చెబుతారు? ఆ రాత్రి జనం కళ్ళు మండి, ఎటు పరిగెత్తాలో తెలీక గాలి వీచే వైపే పరిగెత్తిన సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఒప్పుకుంటాను. కానీ మారని సంగతులు నిజంగా మారనివే అయితే వాటిని పరీక్షించడానికి భయమెందుకు? ట్యాంకుని చల్లగా ఉంచే ఫ్రిజ్ వ్యవస్థ 1984 జూన్ నుంచే ఆపేసి ఉంది, బయటపడే వాయువుని కాల్చేసే ఫ్లేర్ టవర్‌కి వెళ్ళే పైపు ఊడదీసి ఉంది. ఇవి నలభై ఏళ్ళ తర్వాత కూడా నిలబడతాయి. నిలబడేవాటిని గట్టిగా, తక్కువ మాటల్లో చెప్పేస్తే మిగతా చోటంతా మారినవాటికి దొరుకుతుంది. ఉదాహరణకి ఆ సమయంలో కడుపులో ఉన్న పిల్లల మీద 2023లో ఒక అధ్యయనం వచ్చింది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులది. ప్రభుత్వ సర్వేల సమాచారం తీసుకుని, భోపాల్ చుట్టుపక్కల 1985లో పుట్టిన మగవాళ్ళని మిగతావాళ్ళతో పోల్చి చూశారు. వాళ్ళలో పని చేసుకోలేని వైకల్యాలు, క్యాన్సర్ ఎక్కువని, చదువు తక్కువని తేల్చారు. ఆ ప్రభావం 100 కిలోమీటర్ల దాకా కనిపించిందన్నారు. ఇది సర్వేల మీద కట్టిన గణాంక అధ్యయనం, ఒక్కో మనిషికి ఫలానా జబ్బు గ్యాస్ వల్లే వచ్చిందని చెప్పేది కాదు. ఆ పరిమితి కూడా చెప్పి రాయాలి. 'నేటికీ పుట్టే బిడ్డల మీద ప్రభావం' అన్న అరిగిపోయిన వాక్యం స్థానంలో ఇది పెడితే, తద్దినానికొచ్చిన కొత్త కుర్రాడు కూడా తలెత్తి చూస్తాడు.

ఫోటో సంగతి ఒక్క మాట. మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖం, తెరుచుకున్న కళ్ళు, ఏటా అదే ఫైల్ ఫోటో. ఆ దృశ్యాన్ని రఘు రాయ్ నలుపు తెలుపుల్లో తీశారు, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశారు. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు వచ్చింది బార్తొలోమ్యూ ఫోటోకి. రంగుల ఫోటో వేసి రాయ్ పేరు పెట్టడం ఎన్నోసార్లు చూశాను.

తిరగరాస్తే

మరి ఆ మూడు వాక్యాలు ఎలా రాయాలి? నేనైతే ఇలా రాస్తాను:

'1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో 40 టన్నులకు పైగా మిథైల్ ఐసోసైనేట్ ఉన్న ట్యాంకులోకి నీళ్ళు చేరి విషవాయువు ఊరి మీద పడింది. మొదటి రోజుల్లో 2,259 మంది చనిపోయారని ప్రభుత్వం అంది. తర్వాతి ఏళ్ళలో మరణ పరిహారం మంజూరైన కేసులు 15 వేలు దాటాయి. ఆవరణలో మిగిలిన 337 టన్నుల పురుగుమందుల వ్యర్థాలని 2025లో పీథంపూర్‌కి తీసుకెళ్ళి కాల్చారు. ఫ్యాక్టరీ మామూలుగా నడిచిన రోజుల్లోనే నేలలోకి దిగిన విషం ఆ లెక్కలో లేదు.'

పాతదానికంటే రెండు వాక్యాలు ఎక్కువ. 'నేటికీ' లేదు, 'ఇప్పటికీ' లేదు. నీళ్ళు ఎలా చేరాయన్న తగువులోకి వెళ్ళలేదు. కంపెనీ దాన్ని విద్రోహ చర్య అంది, కార్మికులు పైపులు కడిగినప్పుడు చేరాయన్నారు, అది వేరే పేరాకి సరిపడే సంగతి. గుండెని తాకేలా లేదని మా ఇన్‌ఛార్జి అని ఉండేవారేమో. ఆఖరి వాక్యం మాత్రం, తర్వాతి పేరా ఏం రాయాలో నాకు చెప్పేసింది. పాత పేరా చదివాక తర్వాత ఏం రాయాలో తోచేది కాదు, ఎందుకంటే అది అన్నీ ముగించేసి కూర్చునేది.

ఈ ఐదు వాక్యాలకీ తేదీలున్నాయి, కాబట్టి ఇవీ పాతబడతాయి. వచ్చే డిసెంబరులో ఈ పేరాని ఎవరైనా తీసుకునేటట్టయితే ముందు రెండు ఫోన్లు చేయండి. ఒకటి పీథంపూర్‌కి: ఆ 800 టన్నుల పైచిలుకు బూడిదని చివరికి ఎక్కడ పూడ్చారు, దాని మీద కోర్టు ఆఖరుగా ఏమంది? రెండోది భోపాల్‌కి: ఫ్యాక్టరీ గోడ పక్క బస్తీల్లో బోరు నీళ్ళు ఈ ఏడాది ఎవరైనా పరీక్షించారా, ఆ 11 లక్షల టన్నుల మట్టిలో ఒక్క బండెడైనా ఎత్తారా?